‘కంటెంట్ మ్యాచ్’ సాఫ్ట్‌వేర్ కొని స్కాన్ ఫైళ్లు పోగొట్టుకున్నాం, మీరు కొనేముందు ఇది చదవండి

చిత్తూరులో ఒక లాయరు గారి దగ్గర గుమాస్తాగా పనిచేస్తున్నాను. మా ఆఫీసు కంప్యూటర్లో ఒకే ఫోల్డర్లో ఏడు వేలకు పైగా పీడీఎఫ్‌లు పేరుకుపోయాయి. సేల్ డీడ్లు, ఈసీలు, పాస్‌బుక్కులు, ఆధార్ కాపీలు అన్నీ అందులోనే. ఒకే కాగితం మూడు నాలుగు పేర్లతో ఉంటుంది. పార్టీ వాట్సాప్‌లో పంపింది ఒకటి, మేము స్కాన్ చేసింది ఒకటి, అప్‌లోడ్ కోసం కంప్రెస్ చేసింది ఇంకొకటి. అందుకే పేరు, సైజు చూసి డూప్లికేట్లు తీయడం మా వల్ల కాలేదు.

తిరుపతిలో ఒక షాపువాళ్లు 2,400 రూపాయలకు ఒక సాఫ్ట్‌వేర్ అమ్మారు. పేరు వేరైనా, సైజు వేరైనా లోపలి విషయం చదివి పట్టేస్తుందన్నారు. డెమోలో నిజంగానే పట్టింది. వాళ్ల డెమో ఫోల్డర్లో ఉన్నవన్నీ కంప్యూటర్లో టైప్ చేసిన పీడీఎఫ్‌లే అన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

మా ఫోల్డర్ మీద నడిపితే దాదాపు 1,900 డూప్లికేట్లు చూపించింది. ఒక గుంపులో అయితే 412 ఫైళ్లు. ఒకే కాగితానికి 412 కాపీలు ఎక్కడైనా ఉంటాయా? అక్కడే ఆగాల్సింది. ఆగలేదు. ‘మొదటిది ఉంచి మిగతావి తీసెయ్’ నొక్కేశాను. రెండు రోజుల తర్వాత పుత్తూరు పార్టీ డీడ్ కావాలని సార్ అడిగారు. ఆ గుంపులో మిగిలిన ఒక్క ఫైలు తెరిస్తే ఎవరిదో రేషన్ కార్డు! ఆ ఫోల్డర్ నెట్‌వర్క్‌లో పక్క కంప్యూటర్‌ది కాబట్టి డిలీట్ అయినవి రీసైకిల్ బిన్‌లోకి కూడా రాలేదు. పెన్‌డ్రైవ్‌లో తీసేసినా అంతే.

ఎందుకిలా జరిగిందో మా బావమరిది తన ఉబుంటు లాప్‌టాప్‌లో చూపించాడు. సంబంధం లేని రెండు ఒక పేజీ స్కాన్ల మీద, లోపలి అక్షరాలు బయటికి తీసి అవి ఎన్ని బైట్లో లెక్కపెట్టే ఈ కమాండ్ ఇచ్చాడు.

```
pdftotext scan1.pdf - | wc -c
pdftotext scan2.pdf - | wc -c
```

రెండింటికీ 1 అని వచ్చింది. స్కాన్ పీడీఎఫ్ అంటే సాధారణంగా లోపల ఫొటో మాత్రమే, అక్షరం ఉండదు. ఆ ఒక్క బైటు పేజీ అయిపోయిందని చెప్పే గుర్తు. అంటే ఒక పేజీ స్కాన్లన్నీ ఆ సాఫ్ట్‌వేర్‌కు ఒకే ఖాళీ కాగితం. ఖాళీకి ఖాళీ సమానం కదా, అందుకే 412!

మూడు నెలల పాత బ్యాకప్ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఉండబట్టి చాలావరకు తిరిగొచ్చాయి. ఆ తర్వాత చేసిన స్కాన్లు కొన్ని ఇంకా పార్టీలను బతిమాలి తెప్పించుకుంటున్నాం. షాపువాళ్లేమో ‘డిలీట్ నొక్కింది మీరే కదా సార్’ అన్నారు. ఆ మాట నిజమే, కాదనలేను. డబ్బు మాత్రం తిరిగివ్వలేదు.

ఇప్పుడు డబ్బు ఖర్చు లేకుండా చేస్తున్నాం. ముందు sha256sum తో ప్రతి ఫైలుకూ హ్యాష్, అంటే వేలిముద్ర లాంటి ఒక కోడ్, తీసి పోలుస్తాం. పేరు మారినా లోపల ఒక్క బైటూ మారని ఫైళ్లు దీనికి దొరుకుతాయి. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా వచ్చిన కాపీలు చాలావరకు ఇక్కడే తేలిపోయాయి. కానీ అదే ఫైలును మళ్లీ సేవ్ చేస్తే తేదీ లాంటివి లోపల మారి హ్యాష్ వేరైపోతుంది. టైప్ చేసిన పీడీఎఫ్‌లైతే అప్పుడు pdftotext తో అక్షరాలు తీసి వాటిని పోలుస్తాం. పేజీకి 50 అక్షరాలు కూడా రాని ఫైలును ఈ పోలికలోకి అస్సలు రానివ్వం. అను ఫాంట్లలో టైప్ చేసినవి తీస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి, అయినా ఫరవాలేదు, అసలుకూ కాపీకీ సాధారణంగా ఒకే పిచ్చి వస్తుంది.

స్కాన్లకు దారి వేరు. లోపలి ఫొటోను బయటికి తీసి దాని హ్యాష్ చూడాలి.

```
pdfimages -all scan1.pdf img
sha256sum img*
```

మళ్లీ సేవ్ చేసినా లోపలి ఫొటోను ముట్టుకోకపోతే ఇది పట్టేస్తుంది. కంప్రెస్ చేస్తే ఫొటోయే మారిపోతుంది కాబట్టి పట్టదు. వాటిని పేజీల సంఖ్య ప్రకారం విడదీసి కళ్లతోనే చూస్తున్నాం. పేజీ రూపురేఖలు చూసి పోల్చే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. కానీ రెండు ఈసీలు పక్కపక్కన పెట్టండి, సర్వే నంబరు లాంటి చిన్న వివరాలు తప్ప చూడ్డానికి అంతా ఒకేలా ఉంటాయి. పేజీని చిన్నది చేసి చూసే సాఫ్ట్‌వేర్‌కు ఆ నంబరు కనిపించదు.

ఇలాంటిది ఏదైనా కొనబోతుంటే డెమోకు మీ ఫైళ్లే తీసుకెళ్లండి. సంబంధం లేని రెండు ఒక పేజీ స్కాన్లు, ఒక టైప్ పీడీఎఫ్, దాన్నే మళ్లీ సేవ్ చేసిన కాపీ. ఈ నాలుగూ చాలు. స్కాన్లు రెండూ ఒకటే అని చూపిస్తే కొనకండి. తేడా సరిగ్గా పట్టినా, తీసేసే ఫైళ్లను వేరే ఫోల్డర్లోకి జరిపే వీలు ఉందో లేదో అడగండి. మేము కొన్నదాంట్లో డిలీట్ ఒక్కటే ఉంది.