రెండున్నరేళ్లు మోసిన సంచులు: ఏది ఎక్కడ తెగింది

మాది కావలి. ఆదివారం సరుకులు తెచ్చే పని నాదే. బియ్యం 5 కిలోలు, ఉల్లిపాయలు 2, పప్పులు 2, నూనె ప్యాకెట్లు రెండు, అన్నీ కలిపి దాదాపు 11 కిలోలు. రెండున్నరేళ్లుగా ఈ బరువు మోసింది ఎక్కువగా జనపనార సంచే.

పద్నాలుగో నెలలో బస్టాండు దగ్గర దాని కాడ ఒకటి ఊడొచ్చింది. సంచి పని అయిపోయిందనుకుని టైలరుకి చూపిస్తే, "గుడ్డకేం కాలేదమ్మా, కుట్టు పోయింది" అన్నాడు. నిజమే. జనపనార నేత వదులుగా ఉంటుంది. అంచుకి దగ్గరగా ఒకే వరస కుట్టు వేస్తే, బరువు పడ్డప్పుడల్లా పోగులు పక్కకి జరిగి కుట్టు జారిపోతుంది. ఆయన మూతి లోపలికి రెండు మడతలు మడిచి, కాడని రెండంగుళాలు కిందికి దించి, చదరంగా కుట్టి మధ్యలో అడ్డగీతలు రెండు వేశాడు. ఇప్పటికీ అదే మోస్తోంది.

దీని శత్రువు తడి. మాకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా. ఇలాంటిదే ఇంకో సంచిని తడిసినది తడిసినట్టే సింకు కింద పెట్టి మర్చిపోయాను. లోపల ప్లాస్టిక్ పొర ఉన్న రకం కావడంతో అటువైపు ఆరలేదు. వారానికి నల్లమచ్చలు, ముక్కవాసన. పోగు పీకి మెలిపెడితే పుటుక్కున తెగింది. బయటపడేశాను.

నూలు సంచి దీనికి పూర్తిగా వ్యతిరేకం. తడిస్తే నూలు బలం తగ్గదు, వేణ్ణీళ్లలో ఉతుక్కోవచ్చు. కానీ నా దగ్గరున్న పలచటి దానిలో ఆరు కిలోలు దాటితే కాడలు సాగి, సంచి మోకాలికి కొట్టుకుంటుంది, భుజం కోసుకుపోతుంది. కూరగాయలకి మాత్రం దీన్ని మించింది లేదు.

ఇక ప్లాస్టిక్ కవరు. 120 మైక్రాన్ల లోపు కవర్లని 2022 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. బట్టల షాపులో ఇచ్చిన మందపాటిది ఎనిమిది కిలోలు సులువుగానే మోసింది, వానకీ భయం లేదు. చిక్కల్లా చిల్లుతోనే. ఒకసారి రొయ్యలు తెస్తుంటే ఒక రొయ్య కొమ్ము గుచ్చుకుంది. నీళ్లు కారడం మొదలై, ఇంటికొచ్చేసరికి ఆ చిల్లు జానెడు చీలిక అయింది. నేతగుడ్డలో పక్క పోగులు ఆపుతాయి, ఇందులో ఆపేదేదీ లేదు. డాబా మీద ఎండలో మేకుకి తగిలించిన కవరైతే కొన్ని నెలలకి పెళుసెక్కి పొడి రాలింది.

ఇప్పుడు రొయ్యలకి, చేపలకి స్టీలు డబ్బా తీసుకెళ్లి నూలు సంచిలో పెట్టుకుంటున్నాను. బియ్యం, ఉల్లి జనపనార సంచిలోనే. కొత్త సంచి కొనేటప్పుడు గుడ్డ మందం తర్వాత చూస్తాను, ముందు కాడ లోపలి వైపు తిప్పి కుట్టు చూస్తాను. అడ్డగీతలు లేకపోతే, టైలరు కూలి కూడా కలుపుకునే బేరం ఆడతాను.