ఫ్రీజర్‌లోని చికెన్, చేప: ఫ్రిజ్‌లో కరిగించాలా, నీళ్ళలోనా, నేరుగా పొయ్యి మీదకేనా?

ఫ్రీజర్‌లోంచి కిలో చికెన్ తీసి సింకు పక్కన పడేసి, వంట వేళకి అదే కరుగుతుందిలే అనుకోవడం చాలా ఇళ్ళలో ఉన్నదే. మన ఎండల్లో ఈ పద్ధతిని అసలు లెక్కలోకే తీసుకోను. లోపల గడ్డ అలాగే ఉంటుంది, పైముక్కలు మాత్రం వంటింటి వేడికి వచ్చేస్తాయి. గది వేడి 32 డిగ్రీలు దాటితే పచ్చి మాంసాన్ని గంటకు మించి బయట ఉంచకూడదు, కిలో ముద్దేమో గంటలో కరగదు. ఎలాగూ ఉడికిస్తాంగా అంటారు. కానీ కొన్ని బ్యాక్టీరియా వదిలే విషం ఎంత ఉడికించినా పోదు.

టైముంటే ఫ్రిజ్జే మేలు. కిలో ముద్దకు దాదాపు ఒక రోజు పడుతుంది కాబట్టి ఆదివారం మధ్యాహ్నం కూరకి శనివారం మధ్యాహ్నమే తీయాలి. గిన్నెలో పెట్టి అట్టడుగు అరలో ఉంచితే కారే నీళ్ళు పెరుగు మీదా కొత్తిమీర మీదా పడవు. చుట్టాలు రావడం మానేసినా టెన్షన్ లేదు, కరిగిన చికెన్ ఇంకో రోజు ఫ్రిజ్‌లోనే ఆగుతుంది. గాలి తీసేసి ప్యాక్ చేసిన చేపైతే కరిగించే ముందే కవరు కోసేయాలి. గాలి లేనిచోట, ఫ్రిజ్ చల్లదనంలో కూడా, పెరిగే ప్రమాదకరమైన బ్యాక్టీరియా ఒకటుంది.

ముందే తీయడం మర్చిపోతే చన్నీళ్ళు. నీళ్ళు చొరబడని కవరులో కట్టి ముంచి, అరగంటకోసారి నీళ్ళు మార్చాలి. అరకిలోకి గంట చాలు. అయితే మే నెలలో డాబా మీది ట్యాంకు నీళ్ళు చన్నీళ్ళు కావు, చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. అందులో నాలుగు ఐసుముక్కలు వేయండి, లేదా ఫ్రిజ్ నీళ్ళు వాడండి. ఇలా కరిగించింది వెంటనే వండాల్సిందే, పచ్చిగా మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

కరిగించకుండా నేరుగా వండటం చేపల పులుసుకి బాగా కుదురుతుంది. ముక్కలు విడివిడిగా గడ్డకట్టి ఉండాలి, అంతే. వంజరం ముక్కలు మరిగే పులుసులో వేయండి. మామూలుగా పది నిమిషాలు పట్టేది పదిహేను పడుతుంది. ముక్కల మంచు కరిగి పులుసు పలచబడుతుంది కాబట్టి ముందే కాస్త చిక్కగా కాచుకోవాలి. నడిముల్లు దగ్గర మాంసం తెల్లబడి ముల్లు నుంచి విడివడితే ఉడికినట్టు. వేపుడుకి మాత్రం వద్దు. మంచు తగిలి నూనె చిందుతుంది, మసాలా జారిపోతుంది.

ముద్దగా గడ్డకట్టిన చికెన్‌ని గిన్నెలో వేస్తే పైముక్కలు పీచుపీచవుతాయి, నడుమవి పచ్చిగానే ఉంటాయి. పచ్చి మాంసం మీద అన్నం పరిచే దమ్ బిర్యానీ అయితే ఇంకా కష్టం. మూత తీసి చూసే వీలుండదు. అన్నం పొలుకుగా ఉడికి దింపే వేళకి తొడ ముక్క కీలు దగ్గర నెత్తురు రంగే కనిపిస్తుంది. అక్కడ 74 డిగ్రీల వేడి చేరితేనే చికెన్ తినడానికి పనికొచ్చేది. బిర్యానీ చేయాలంటే ముందురోజే తీసి ఫ్రిజ్‌లో పెట్టండి, పెట్టలేదంటే ఆ పూటకి పులుసు.