స్లాక్‌లో అడిగిన ప్రశ్న ఎక్కడ పోతుంది: పోర్టు క్లియరింగ్ ఆఫీసులో రెండున్నరేళ్లు వాడాక

వైజాగ్ పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెన్సీలో పని చేస్తాను. మొత్తం పదహారు మందిమి. సగం మంది ఆఫీసులో కాగితాలు చూస్తారు, మిగతావాళ్లు టెర్మినల్ గేటు దగ్గర, కస్టమ్స్ దగ్గర, గోడౌన్ల దగ్గర ఉంటారు. ఆఫీసు మాటల కోసం రెండున్నరేళ్లుగా స్లాక్ అనే యాప్ వాడుతున్నాం. యాప్ బాగుంటుందా లేదా అన్నది ఇక్కడ చెప్పబోవడం లేదు, నా మట్టుకు ఐదుకు నాలుగు ఇస్తాను. చెప్పాలనుకున్నది వేరే. దాంట్లో ఒక ప్రశ్న వెయ్యడానికి మూడు చోట్లు ఉన్నాయి: అందరూ చూసే ఛానెల్, ఒక మెసేజ్ కింద నడిచే థ్రెడ్, ఒక్క మనిషికి పెట్టే డైరెక్ట్ మెసేజ్. ఏది ఎక్కడ వెయ్యాలో తేల్చుకోకపోతే ప్రశ్న అక్కడే ఉండి కూడా పోతుంది. మేం అలా పోగొట్టుకున్నాం, డబ్బు కూడా కట్టాం.

మొదటి ఏడాది అందరం డైరెక్ట్ మెసేజ్‌లోనే అడిగేవాళ్లం. ఎవరికి తెలుసో వాళ్లనే అడుగుతాం కదా, సహజమే. ఒక శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి గేటు దగ్గరున్న మా కుర్రాడు డాక్యుమెంటేషన్ చూసే అక్కకి, "అక్కా, ఆ రెండు కంటైనర్ల డీఓ ఎప్పటివరకు ఉంది?" అని పెట్టాడు. డీఓ అంటే డెలివరీ ఆర్డర్, షిప్పింగ్ లైన్ ఇచ్చేది, దాని గడువు దాటితే కంటైనర్ బయటకి రాదు. అక్క ఆ రోజు సెలవు, బాబుకి పుట్టువెంట్రుకలు తీయించడానికి సింహాచలం వెళ్లారు. ఫోన్ బ్యాగులో ఉంది. గడువు ఆ సాయంత్రంతోనే అయిపోతుంది. ఆ డీఓ కాపీ ఆఫీసులో ఇంకో ఇద్దరి దగ్గర ఉంది, కానీ ప్రశ్న వచ్చిందని వాళ్లకి తెలీదు. మా కుర్రాడు జవాబు కోసం చూసి చూసి వేరే పని మీద వెళ్లిపోయాడు. సోమవారం డీఓ మళ్లీ పొడిగించుకుని, రెండు కంటైనర్లకి మూడు రోజుల డిటెన్షన్, అంటే ఆలస్యానికి షిప్పింగ్ లైన్ వేసే రుసుము, కట్టి తెచ్చుకున్నాం. తప్పు మాది కాబట్టి కస్టమర్ని అడగలేకపోయాం.

కుర్రాడిని తిట్టడానికి ఏమీ లేదు. డైరెక్ట్ మెసేజ్ ఒక్క మనిషికే కనిపిస్తుంది, ఆ మనిషి లేకపోతే ప్రశ్న ఉందన్న సంగతే ఇంకెవరికీ తెలీదు. అందుకని ఇప్పుడు మా దగ్గర ఒకటే లెక్క: నువ్వు అడిగే మనిషి ఇవాళ రాకపోయినా ఈ పని జరగాలా? జరగాలంటే అది ఛానెల్‌లో పడాలి. జీతం, సెలవు, ఇంటి విషయం, ఎవరి మీదైనా ఫిర్యాదు, ఇవే డైరెక్ట్ మెసేజ్‌లో.

దీనికోసం `#prasnalu` అని ఒక ఛానెల్ పెట్టాం. ముందు కస్టమర్‌కి ఒకటి చొప్పున పెడదామనుకున్నాం, కానీ గేటు దగ్గర ఎండలో నిలబడ్డవాడు ఇరవై ఛానెళ్లలో ఏదో వెతుక్కోలేడు, వెతుక్కోలేక మళ్లీ డైరెక్ట్ మెసేజ్‌కే వెళ్తాడు. పదహారు మందికి ఒక్కటి చాలు. అరవై మంది ఉంటే చాలదు, అప్పుడు పనిని బట్టి విడగొట్టాల్సిందే.

ఛానెల్ పెట్టగానే సమస్య తీరిపోలేదు. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది, అదే థ్రెడ్ సంగతి. ఒక ప్రశ్న కింద జవాబులన్నీ థ్రెడ్‌లో పెడితే ఛానెల్ శుభ్రంగా ఉంటుంది, నిజమే. కానీ థ్రెడ్‌లో కొత్త జవాబు పడితే, ప్రశ్న వేసినవాళ్లకీ, అందులో ఇంతకుముందు రాసినవాళ్లకీ, పేరుతో పిలిచినవాళ్లకీ, దాన్ని ఫాలో అవుతున్నవాళ్లకీ మాత్రమే తెలుస్తుంది. చదివి వదిలేసినవాళ్లకి తెలీదు, పక్కన ఛానెల్ పేరు కూడా బోల్డ్ అవదు. మాకు ఇలా జరిగింది. "సరుకు ఏ గోడౌన్‌కి?" అని ప్రశ్న. థ్రెడ్‌లో "ఆటోనగర్" అని జవాబు. లారీలు మాట్లాడే ఆయన అది చదివి, ఏమీ రాయకుండా పనిలోకి వెళ్లిపోయారు. నలభై నిమిషాల తర్వాత కస్టమర్ మనసు మార్చుకున్నాడని అదే థ్రెడ్‌లో "కాదు, అనకాపల్లి" అని ఇంకొకరు పెట్టారు. ఆయనకి చేరలేదు. లారీ ఆటోనగర్ వెళ్లింది. ఆయన చదవలేదని మేం అరిచాం, తీరా చూస్తే ఆయన తప్పేం లేదు.

అప్పటినుంచి మాట్లాడుకోవడం థ్రెడ్‌లో, తేలిన జవాబు మాత్రం ఛానెల్‌లోకి. జవాబు రాసే పెట్టె కింద `Also send to #prasnalu` అని ఒక టిక్ ఉంటుంది, అది కొడితే అదే మాట థ్రెడ్‌లోనూ ఛానెల్‌లోనూ కనిపిస్తుంది. ప్రతి మాటకీ కొట్టకూడదు, మళ్లీ ఛానెల్ సంతలా తయారవుతుంది. చివరి జవాబుకీ, ముందు చెప్పిన జవాబు మారినప్పుడూ, అంతే. మారిన జవాబైతే దాని మీద పని చేయాల్సిన మనిషిని `@` పెట్టి పిలవాలి కూడా.

ఇంకో చిన్న అలవాటు మమ్మల్ని బాగా కాపాడింది. ప్రశ్న తీసుకున్నవాళ్లు దానిమీద కళ్ల బొమ్మ పెడతారు, పని అయ్యాక పచ్చ టిక్ పెడతారు. బొమ్మే లేని ప్రశ్న అంటే ఎవరూ తీసుకోలేదని పైకి జరుపుతూ చూస్తేనే తెలిసిపోతుంది. అసలు ప్రమాదం కళ్లు పెట్టి మర్చిపోయినవాటితో, ఎవరో చూస్తున్నారులే అని మిగతావాళ్లు ధైర్యంగా ఉంటారు. సాయంత్రం నాలుగున్నరకి, షిప్పింగ్ లైన్ల ఆఫీసులు మూసేలోపు, వంతులవారీగా ఒకరు ఇది వెతుకుతారు:

```
in:#prasnalu has::eyes: -has::white_check_mark:
```

తీసుకుని పూర్తి చేయనివి వరసగా వస్తాయి. పెట్టిన మొదటి వారంలో ఒకరోజు పదకొండు వచ్చాయి, ఇప్పుడు రెండో మూడో. ఇది పని చేయాలంటే ఒక మెసేజ్‌లో ఒక్క ప్రశ్నే ఉండాలి. "డీఓ వచ్చిందా, డ్యూటీ కట్టారా, లారీ ఎన్నింటికి?" అని మూడూ కలిపి రాస్తే మొదటిదానికి జవాబిచ్చి టిక్ పెట్టేస్తారు, మిగతా రెండూ టిక్ కింద దాక్కుంటాయి. ఇది మాన్పించడానికే ఎక్కువ కష్టపడ్డాం.

కొత్త కుర్రాళ్లు ఛానెల్‌లో అడగడానికి మొహమాటపడతారు, ఇంత చిన్న విషయం తెలీదా అని అందరూ అనుకుంటారేమో అని. వాళ్లు నాకు డైరెక్ట్‌గా పెడితే కసురుకోను. "మంచి ప్రశ్న తమ్ముడూ, అక్కడ వేస్తున్నాను చూడు" అని నేనే ఛానెల్‌లో వేసి, అతన్ని అందులో పిలిచి, జవాబు అక్కడే ఇస్తాను. రెండు మూడుసార్లు అలా చేస్తే తనే వేయడం మొదలుపెడతాడు. అక్కడికి వెళ్లి అడుగు అని పంపించేస్తే మాత్రం చాలామంది అసలు అడగడమే మానేస్తారు.

ఫ్రీ ప్లాన్‌లో ఉన్నవాళ్లు ఒకటి గమనించండి, 90 రోజుల కంటే పాత మెసేజ్‌లు కనిపించవు. ఆర్నెల్ల క్రితం ఇదే ప్రశ్నకి ఏం చెప్పాం అని వెతికితే దొరకదు. అందుకే పదే పదే వచ్చే జవాబులు మేం వేరే షీట్‌లో రాసుకుంటాం.

గేటు దగ్గర లారీ ఆగిపోయి ఉంటే ఇవేవీ వద్దు, ఫోన్ చేయాలి. ఫోన్‌లో తేలింది తర్వాత ఒక్క ముక్క ఛానెల్‌లో రాయాలి. ఇక మాకు ఇంకా కుదరనిది కస్టమర్ల ప్రశ్నలు. అవి వాట్సాప్‌లో, ఎవరో ఒకరి సొంత ఫోన్‌కి వస్తాయి. వచ్చినవాళ్లు గుర్తుపెట్టుకుని `#prasnalu`లో టైప్ చేయాలి, పని ఒత్తిడిలో వారానికి ఒకటైనా తప్పిపోతోంది. దీనికి దారి ఎవరికైనా దొరికి ఉంటే చెప్పండి.