నీటి మీద తేలే మొక్కలకు ఫోటో యాప్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

చెరువుల్లో, కుంటల్లో తేలే మొక్కలకు పేరు కనుక్కోవడానికి ఫోటో తీస్తే జాతి చెప్పే యాప్‌ని కొన్నేళ్లుగా వాడుతున్నా. నా తీర్పు ముందే చెప్పేస్తాను. పూసిన గుర్రపుడెక్కకు, నీళ్ల పైకి లేచిన తామరాకుకు ఇది చాలా బాగా పనిచేస్తుంది, దాదాపు కళ్లు మూసుకుని నమ్మొచ్చు. నీటి మీద పచ్చటి చుక్కల్లా పరుచుకునే చిట్టి మొక్కలు, అంటే డక్‌వీడ్, వాటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఊహించడం మొదలుపెడుతుంది, పైగా ఆ ఊహని మంచి ధీమాగా చెబుతుంది. కారణం పెద్ద రహస్యమేం కాదు. డక్‌వీడ్‌లను విడదీసే గుర్తులు చాలావరకు నీటి కింద ఉంటాయి, మనం తీసే ఫోటోలో ఉండేది పైభాగం.

ఒక ఉదాహరణ వివరంగా చెబుతాను, ఎందుకంటే యాప్ బలం, బలహీనత రెండూ ఇందులోనే కనిపిస్తాయి. ఒక కుంట మొత్తం పచ్చగా కప్పేసి ఉంది. గట్టు మీద నిలబడి తీసిన ఫోటోకి యాప్ ఇచ్చిన జవాబు లెమ్నా మైనర్ అనే డక్‌వీడ్ జాతి, అదీ పేరు పక్కన చూపించే నమ్మకం శాతం చాలా ఎక్కువగా. అంత దూరం నుంచి తీస్తే ఆ ఫోటోలో ఒక్క మొక్క కూడా విడిగా కనిపించదు, ఉన్నదంతా పచ్చటి చుక్కల గుంపు. అలాంటి గుంపుకి లెమ్నా మైనర్ అనేది యాప్ నోట్లో రెడీగా ఉండే పేరు. అందుకని ఆ పచ్చదనంలోంచి గరిటెడు తీసి, తెల్లటి పళ్లెంలో కొంచెం నీళ్లు పోసి అందులో వదిలాను. తెల్లటి అడుగు మీద అవి విడివిడిగా తేలగానే అది ఒక మొక్క కాదని తెలిసిపోయింది.

కొన్ని ఆకులు పెద్దవి, స్కేలు పెట్టి చూస్తే ఏడెనిమిది మిల్లీమీటర్లు, దాదాపు గుండ్రం. తిరగేస్తే అడుగు ఊదా ఎరుపు, ఒక్కో ఆకు కింద వేళ్ల కుచ్చు. ఇది స్పైరోడెలా పాలీరైజా అనే ఇంకో డక్‌వీడ్. పక్కనే మూడు మిల్లీమీటర్ల కోలగా ఉన్న చిన్న ఆకులు, ఒక్కోదానికి ఒకే ఒక్క వేరు, అంటే లెమ్నా. ఆ సందుల్లో ఇసుక రేణువుల్లా పచ్చటి గింజలు, వేలితో రుద్దితే గరుగ్గా తగులుతాయి, వేరు అసలు ఉండదు, ఒక మిల్లీమీటరు కూడా ఉండవు. అది వుల్ఫియా, పూలు పూసే మొక్కల్లో ప్రపంచంలోనే అతి చిన్నవి ఈ ప్రజాతిలోనే ఉన్నాయి. ఇవి కాక అంచులు చిరిగినట్టు, పొలుసులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉన్న ఎర్రటి ముక్కలు కొన్ని. అవి అజొల్లా, డక్‌వీడ్ కుటుంబంతో ఏ సంబంధమూ లేదు, అదొక ఫెర్న్. ఎండ బాగా తగిలినా, చలి పెరిగినా, పోషకాలు తగ్గినా ఎర్రబడుతుంది, కాబట్టి ఒకే మొక్క ఒక నెల పచ్చగా, ఇంకో నెల ఇటుక రంగులో కనిపిస్తే జాతి మారిందనుకోకండి.

తర్వాత వీటిని ఒక్కోదాన్ని విడిగా దగ్గర్నుంచి తీసి మళ్లీ యాప్‌కి ఇచ్చాను. పెద్ద ఆకుని తిరగేసి తీసిన ఫోటోకి స్పైరోడెలా అని సరిగ్గా చెప్పింది. అజొల్లాని ప్రజాతి వరకు పట్టేసింది. వుల్ఫియా విషయంలో మాత్రం ఆల్గే అంది, దాన్ని తప్పుపట్టలేం, ఫోన్ కెమెరాకి అంత చిన్నదాని ఆకారం అందదు. అంటే అదే యాప్, అదే కుంట, మారింది మనం దాని ముందు పెట్టిన ఫోటో.

వేళ్లు లెక్కపెట్టేటప్పుడు ఒక ఇబ్బంది ఉంది. మొక్కని నీళ్లలోంచి పైకి తీయగానే వేళ్లన్నీ తడికి అతుక్కుని ఒకే దారంలా కనిపిస్తాయి. పారదర్శకమైన గ్లాసులో నీళ్లు పోసి మొక్కల్ని అందులో తేలనిచ్చి పక్కనుంచి చూడండి, వేళ్లు విడివిడిగా వేలాడతాయి, ఫోటో కూడా చక్కగా వస్తుంది. ఒక్క మొక్కని చూసి తేల్చకండి, వేళ్లు తెగిపోతూ ఉంటాయి కాబట్టి కొన్నిటిని చూడాలి. అడుగు ఎరుపు ఒక్కటే చూసి స్పైరోడెలా అనడం కూడా ప్రమాదమే, లెమ్నాల్లో కొన్నిటికి ఆ రంగు వస్తుంది. లాండోల్టియా అనే ఇంకోటి ఉంది, దానికీ అడుగు ఎర్రగా ఉండొచ్చు. అది స్పైరోడెలా కంటే చిన్నది, కాస్త పొడవాటిది, వేళ్లు సాధారణంగా రెండు నుంచి ఐదు లోపు. స్పైరోడెలాకి ఏడు, ఎనిమిది నుంచి పైకి ఉంటాయి. మొత్తానికి రంగు కంటే వేళ్లని నమ్మండి.

ఇక లెమ్నాలో ఏ జాతి అన్నది ఫోటోతో తేలే పని కాదు. ఆకులో ఈనెలు ఎన్ని, అడుగు ఉబ్బిందా లేదా లాంటివి మైక్రోస్కోపు కింద చూసినా నిపుణులే తడబడతారు, రెండు జాతులు కలిసి పుట్టిన సంకరాలు కూడా ఉన్నాయని డీఎన్ఏ పరీక్షల్లో తేలింది. యాప్ లెమ్నా మైనర్ అని ఎంత శాతంతో చెప్పినా నేను లెమ్నా అని మాత్రమే రాసుకుంటాను. ఆ శాతం గురించి ఒక మాట: యాప్‌కి తెలిసిన పేర్లలో ఈ ఫోటో దేనికి ఎక్కువ దగ్గరగా ఉందో ఆ అంకె చెబుతుంది. మీ ముందున్న మొక్క అసలు ఆ జాబితాలోనే లేకపోయినా ఏదో ఒక పేరుకి పెద్ద అంకె రావచ్చు.

గుర్రపుడెక్క సంగతి వేరు. పువ్వు ఉంటే అసలు సందేహమే రాదు: లేత ఊదా రంగులో ఆరు రేకులు, పై రేకు మధ్యలో పసుపు మచ్చ, దాని చుట్టూ ముదురు నీలం. పువ్వు లేనప్పుడే తంటా. విడిగా, ఖాళీగా తేలే మొక్కకి ఆకు కాడ బుడ్డలా ఉబ్బి ఉంటుంది, అది చూసి యాప్ వెంటనే పట్టేస్తుంది. కానీ ఇరుకుగా దట్టంగా పెరిగిన చోట అదే మొక్క కాడలు సన్నగా, నిటారుగా, ఒక్కోసారి మీటరు దాకా సాగుతాయి, ఉబ్బు దాదాపు కనిపించదు. అలాంటి ఫోటో ఇస్తే యాప్ దాన్ని పోలిన మోనోకోరియా అనే మొక్క పేరు చెబుతుంది, లేదంటే చేమ లాంటిదేదో అంటుంది. దీనికి నేను చేసే పని, గుంపు మధ్యని వదిలేసి అంచుకి వెళ్లడం. అంచులో కొత్త పిల్లమొక్కలు తీగకి అతుక్కుని నీళ్లలోకి చొచ్చుకొస్తుంటాయి, వాటికి ఉబ్బిన కాడలు ఉంటాయి, ఒక్కదాన్ని ఫ్రేమ్ నిండా తీస్తే చాలు. మోనోకోరియా బురదలో వేరూని ఉంటుంది, పూలు నీలమే అయినా ఆ పసుపు మచ్చ ఉండదు. ఇంకోటి, యాప్ ఒకసారి ఐకార్నియా క్రాసిపెస్ అని, ఇంకోసారి పాంటెడీరియా క్రాసిపెస్ అని చూపిస్తే కంగారు పడకండి, రెండూ గుర్రపుడెక్కే. 2018లో ఐకార్నియాని పాంటెడీరియాలో కలిపేశారు, పాత పేరు ఇంకా చాలా చోట్ల తిరుగుతోంది.

చిన్న గుర్రపుడెక్కకీ, లిమ్నోబియం అనే ఇంకో తేలే మొక్కకీ మధ్య యాప్ తరచూ పొరపడుతుంది. ఆకుని తిరగేస్తే తేలిపోతుంది. లిమ్నోబియంకి ఆకు అడుగున మధ్యలో స్పాంజి లాంటి మెత్తటి ఉబ్బు ఉంటుంది, గుర్రపుడెక్కకి ఆ ఉబ్బు కాడలో ఉంటుంది. అంతర తామర విషయంలో మాత్రం యాప్ ఎప్పుడూ తప్పు చెప్పలేదు. కాడ లేని, నూగు ఉన్న, గాడులు పడ్డ ఆకుల గుత్తి ఇంకోదానిలా కనిపించదు మరి.

తామర, కలువ దగ్గర పెద్దగా చెప్పేదేం లేదు, ఒక్క సందర్భం తప్ప. తామర లేత ఆకులు మొదట నీటి మీదే పరుచుకుని ఉంటాయి, పైకి లేవవు, అప్పుడు యాప్ కలువ అంటుంది. కలువాకుకి అంచు నుంచి కాడ దాకా చీలిక ఉంటుంది, తామరాకుకి ఉండదు, ఈనెలు మధ్య చుక్క నుంచి అన్ని వైపులా పోతాయి. అయితే కలువాకు చీలిక రెండు వైపులూ ఒకదాని మీద ఒకటి ఎక్కితే పైనుంచి నిండు వృత్తంలా కనిపిస్తుంది. ఆకు మీద కాసిని నీళ్లు చల్లి చూడండి, తామరాకు మీద గుండ్రటి బొట్లయి దొర్లిపోతాయి, ఆ ఫోటో ఇచ్చాక యాప్ మళ్లీ తడబడలేదు.

నీటి మీద ఫోటోకి అతి పెద్ద శత్రువు ఆకాశం ప్రతిబింబం. పచ్చదనం మీద తెల్లటి పొర పడితే ఆకు అంచులు, నూగు అన్నీ కొట్టుకుపోతాయి. నిట్టనిలువుగా కిందికి తీస్తే మన నీడలోనే తీసుకోవచ్చు, నీడ పడ్డ చోట ప్రతిబింబం తగ్గి ఆకులు బాగా తేలతాయి. ప్రతిబింబాన్ని తగ్గించే పోలరైజర్ ఫిల్టరు పెట్టి అలా నిలువుగా తీస్తే మాత్రం ఏమీ లాభం లేదు, నీటి మీద అది బాగా పనిచేసేది నిలువు నుంచి సుమారు 53 డిగ్రీలు వాలినప్పుడు. తెల్ల పూలకి ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించండి, లేకపోతే రేకులు కాలిపోయినట్టు వస్తాయి. జూమ్ చేసి తీయడం కంటే దగ్గరకెళ్లి తీయడం మంచిది. పక్కన స్కేలు గానీ వేలి కొన గానీ ఉండనివ్వండి. యాప్‌కి అది అక్కర్లేదు గానీ తర్వాత మీరే ఫోటో చూసుకున్నప్పుడు అది మూడు మిల్లీమీటర్లా, ముప్పయ్యా అన్నది తెలియాలి.

ఒక జాగ్రత్త, యాప్‌తో సంబంధం లేనిదే. పళ్లెంలో చూసిన మొక్కల్ని అక్కడే తీసిన నీళ్లలోకే వదిలేయండి, గ్లాసు, గరిటె బాగా కడిగి ఆరబెట్టాకే ఇంకో చోటికి తీసుకెళ్లండి. డక్‌వీడ్ ఒక్క ఆకు అతుక్కుని వెళ్లినా కొత్త కుంటని నింపడానికి అది చాలు.

యాప్ తయారుచేసేవాళ్లు ఒక్క మార్పు చేస్తే బాగుంటుంది. డక్‌వీడ్ లాంటి పచ్చదనం ఫోటో రాగానే పేరు చెప్పేముందు అడుగు భాగం ఫోటో కూడా అడగాలి. అది వచ్చేదాకా గుర్రపుడెక్క, తామర, అంతర తామర, అజొల్లా వరకు దీన్నే వాడతాను. మిగతా చిన్నవాటికి నా బ్యాగులో తెల్ల పళ్లెం, గ్లాసు ఉంటాయి.