ఒంగోలు, కందుకూరు వైపు వాళ్ళకి: మరలో పట్టిన శనగపిండిని 'గ్లూటెన్ ఫ్రీ' అంటే నమ్మి కొనకండి

ఇంట్లో సీలియాక్ జబ్బు ఉన్నవాళ్ళు, ముఖ్యంగా పిల్లలు ఉన్నవాళ్ళు దీన్ని చదవండి. మిగతావాళ్ళకి ఈ గొడవతో పని లేదు, ఎప్పటిలాగే బజ్జీలు వేసుకోండి.

మా చెల్లెలి కొడుక్కి సీలియాక్ అని తేలాక గోధుమ, మైదా, బొంబాయి రవ్వ అన్నీ మానేశారు. టిఫిన్‌కీ చిరుతిళ్ళకీ శనగపిండే ఆధారం. టౌన్లో ఒక పిండిమర వాళ్ళు కవర్ల మీద 'గ్లూటెన్ ఫ్రీ' అని స్టిక్కర్ వేసి, మామూలు శనగపిండి కన్నా ఎక్కువ రేటుకి అమ్ముతుంటే అదే తెచ్చుకునేవాళ్ళం. పిల్లాడికి కడుపుబ్బరం తగ్గలేదు, టీటీజీ రక్తపరీక్షలో కూడా తగ్గాల్సినంత తగ్గలేదు. ఎక్కడో గోధుమ లోపలికి వెళ్తోంది, ఇంట్లోకి వచ్చే ప్రతి సరుకూ చూసుకోండి అన్నారు డాక్టరు. అలా చూసుకుంటూ మర దగ్గరికి వెళ్తే, పొద్దున అందరి గోధుమలూ ఆడిన మిషన్లోనే ఆ తర్వాత శనగపప్పు పోస్తున్నారు. అడిగితే ఓనరు, 'శనగపప్పులో గోధుమ ఎక్కడ్నుంచి వస్తాది సార్, పప్పు మన జిల్లాదే' అన్నాడు.

పప్పు గురించి ఆయన చెప్పింది నిజమే. శనగల్లో గ్లూటెన్ ఉండదు, అది గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే ప్రోటీను. మన ప్రకాశం జిల్లా నల్లరేగడిలో పండే శనగలైనా ఇంకెక్కడివైనా అంతే. తేడా వచ్చేది మరలోనే. రాళ్ళ గాళ్ళల్లో, పిండి జారే గొట్టంలో, దాని చివర కట్టే గుడ్డ సంచిలో ముందు ఆడిన పిండి ఎంతోకొంత మిగిలిపోతుంది. ఇంట్లో పిండి పట్టించుకునే ఎవరికైనా తెలిసిందే కదా, బియ్యప్పిండిలో ముందువాళ్ళ కారం వచ్చిందని గొడవపడని ఊరుందా!

ఎంత కలిస్తే తప్పు అంటే, మన దేశంలో గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాముల లోపు ఉండాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. గోధుమపిండి వంద గ్రాముల్లో సుమారు 8 గ్రాములు గ్లూటెనే అనుకోండి. అంటే కిలో శనగపిండిలో పావు గ్రాము గోధుమపిండి పడినా, చిటికెడంటే చిటికెడే, హద్దుకి చేరిపోతుంది. ఇక మరలో 50 గ్రాములు మిగిలి ఉందనుకుందాం, అది పెద్ద లెక్కేం కాదు. మనం 5 కిలోల పప్పు ఆడిస్తే అందులోకి 4 గ్రాముల గ్లూటెన్, అంటే కిలోకి 800 మిల్లీగ్రాములు, హద్దుకి 40 రెట్లు. అదీ సమానంగా కలిసిందనుకుంటేనే, మొదట దిగే పిండిలో ఇంకా ఎక్కువుంటుంది. ఆ పిండి 50 గ్రాములతో నాలుగు బజ్జీలు వేసి పెడితే పిల్లాడి కడుపులోకి 40 మిల్లీగ్రాములు పోతుంది. సీలియాక్ ఉన్నవాళ్ళకి రోజు మొత్తం మీద 10 మిల్లీగ్రాములు దాటకపోవడం మంచిదంటారు.

'గుప్పెడు పప్పు ముందు ఆడించి పారబోశాం' అనే మాట కూడా వింటారు. దానివల్ల తగ్గుతుంది కానీ పోదు. గుడ్డ సంచిని ఎవరైనా తట్టినప్పుడు, మిషన్ అదిరినప్పుడు పాతది మళ్ళీ రాలుతుంది, పైగా మరంతా గోధుమ దుమ్ము గాల్లో తేలుతూ ఉంటుంది. ఇంటికొచ్చాక జల్లించినా ఉపయోగం లేదు, రెండూ మెత్తటి పిండ్లే. నూనెలో వేయించినా గ్లూటెన్ పోదు. రంగు, వాసన, రుచి చూసి కనిపెట్టలేం, ల్యాబ్‌లో ఎలైజా పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. అందుకే చేత్తో అతికించిన స్టిక్కర్‌కి విలువ ఇవ్వకండి. 'పరీక్ష రిపోర్టు చూపించండి' అని అడిగితే మాకు దొరికింది నవ్వు మాత్రమే.

ప్యాకెట్ కొనేటట్టయితే దాని మీద గ్లూటెన్ ఫ్రీ అని అచ్చులో ఉందా, ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల లైసెన్స్ నంబరు ఉందా చూడండి. 'నూటికి నూరు శాతం శనగపప్పు' అన్నది పప్పు గురించిన మాట, మిషన్ గురించి కాదు. గోధుమలు కూడా వాడే చోట తయారైంది అని చిన్న అక్షరాల్లో ఉంటే వదిలేయండి.

మేమిప్పుడు ఇంట్లోనే పట్టుకుంటున్నాం. పప్పు పళ్ళెంలో పోసి ఏరుతాం, ఎందుకంటే విడిగా అమ్మే పప్పులో అప్పుడప్పుడు గోధుమ గింజలు నిజంగానే కనిపిస్తాయి. తర్వాత కడిగి, బాగా ఎండబెట్టి, కొంచెం కొంచెంగా మిక్సీలో వేసి జల్లించి, పైన మిగిలిన రవ్వని మళ్ళీ తిప్పుతాం. జార్ కొత్తది, జల్లెడ కూడా కొత్తదే, గోధుమపిండి జల్లించిన పాత జల్లెడ కన్నాల్లో పిండి ఇరుక్కుని ఉంటుంది కాబట్టి దాన్ని వాడం. మరలో పట్టినంత మెత్తగా రాదు, శనగ అట్టు కాస్త గరుకుగా వస్తుంది, బజ్జీలకి మాత్రం బాగానే ఉంది. అన్నట్టు పకోడీలో ఇంగువ వేసేవాళ్ళు డబ్బా వెనక చదవండి, చాలా పొడి ఇంగువల్లో గోధుమపిండి లేదా మైదా కలుపుతారు.

ఒంగోలు, కందుకూరు, కావలి చుట్టుపక్కల పప్పులు తప్ప గోధుమ అసలు ఆడని మర ఎవరికైనా తెలిస్తే చెప్పండి, వెళ్ళి మిషన్ చూసి వస్తాను.