టెంప్ మెయిలా, ప్లస్ గుర్తా, ఎలియాసా: ఏది మేలు?

ప్లాట్ల ధరలు చూద్దామని ఆ మధ్య ఒక సైట్‌లోకి వెళ్లాను. మెయిల్ ఐడీ ఇస్తే గానీ ధర చూపించనంది. అసలు ఐడీకి జీమెయిల్ ప్లస్ గుర్తు తగిలించి ఇచ్చాను, ఇలా:

```
meeperu+plots@gmail.com
```

ప్లస్ తర్వాత ఏం రాసినా జీమెయిల్ పట్టించుకోదు, ఉత్తరం మన ఇన్‌బాక్స్‌కే వస్తుంది. నెల తిరక్కుండానే నేనెప్పుడూ పేరు వినని బిల్డర్ల మెయిళ్లు మొదలయ్యాయి. అన్నింటిలోనూ "To" దగ్గర +plots అనే ఉంది. ఐడీ ఎక్కడి నుంచి బయటికి పోయిందో తెలిసిపోయింది. ఆ చిరునామాకు వచ్చేవన్నీ డిలీట్ అయ్యేలా ఫిల్టర్ పెట్టేశాను. కొన్నాళ్లు హాయిగా ఉంది. తర్వాత అదే సరుకు ప్లస్ లేకుండా రావడం మొదలైంది. +plots కొట్టేస్తే మిగిలేది మన అసలు ఐడీయే కదా! పైగా కొన్ని ఫారాలు ప్లస్ గుర్తు చూడగానే చెల్లదంటాయి.

టెంప్ మెయిల్‌తో ఆ బాధ లేదు. టెన్ మినిట్ మెయిల్ సైట్ తెరవగానే ఒక చిరునామా ఇస్తుంది, పది నిమిషాలయ్యాక అది పోతుంది. ఒక్క పీడీఎఫ్ దించుకోవడానికి అంతకన్నా ఏం కావాలి? నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, డబ్బు కట్టిన ఒక ఆన్‌లైన్ కోర్సుకు కూడా అలాంటిదే ఇవ్వడం. ఫోన్ మార్చాక పాస్‌వర్డ్ గుర్తు రాలేదు. రీసెట్ లింక్ పోయిన పెట్టె అప్పటికే లేదు. మెయిలినేటర్ ఉచిత పెట్టెలతో ఇంకో చిక్కు: వాటికి తాళమే ఉండదు. అదే పేరు టైప్ చేసిన ఎవరైనా తెరిచి చదవొచ్చు.

ఇప్పుడు నేను వాడేది ఎలియాస్. సింపుల్‌లాగిన్‌లో ఉచితంగా పది, ఫైర్‌ఫాక్స్ రిలేలో అయిదు చిరునామాలు ఇస్తారు. ఒక్కో సైట్‌కు ఒక్కోటి పుట్టిస్తాం, వచ్చిన ఉత్తరాన్ని వాళ్లు మన ఇన్‌బాక్స్‌కు పంపిస్తారు. దాన్ని చూసి అసలు ఐడీ ఊహించడం కుదరదు. విసుగొస్తే ఆ ఒక్కదాన్నే ఆఫ్ చేయొచ్చు, రీసెట్ లింక్ కావాల్సి వస్తే మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. నాకు ఇదే మేలనిపించింది.

అయితే మధ్యలో ఇంకొకరి సర్వర్ ఉంటుంది. అది ఆగితే మన ఉత్తరాలూ ఆగుతాయి. అందుకే బ్యాంకు, ఆదాయపు పన్ను ఖాతాలకు మాత్రం అసలు ఐడీయే ఇస్తాను. టెంప్ మెయిళ్లలాగే ఎలియాస్ డొమైన్లను కూడా ఒప్పుకోని సైట్లున్నాయి. అక్కడ మాత్రం ప్లస్ గుర్తుతోనే సర్దుకుంటున్నాను.

ప్లాట్ల మీద ఆశ చావక ఈమధ్య ఇంకో సైట్‌కు ఎలియాస్ ఇచ్చి, వారానికే ఆఫ్ చేశాను. డాష్‌బోర్డులో దాని పక్కన ఆపేసిన మెయిళ్ల లెక్క రోజూ పెరుగుతూనే ఉంది.