నెలా, రెండు నెలలా: యాప్ రాసిన నోట్సుతో నా రెండేళ్లు

గ్రూప్-2 కోసం రెండేళ్లుగా చదువుతున్నాను. పగలంతా చిక్కడపల్లి గ్రంథాలయంలో, రాత్రి అశోక్‌నగర్ గదిలో. పాఠ్యపుస్తకంలోని అధ్యాయాలను ఫోనుతో ఫొటోలు తీసి, కృత్రిమ మేధ యాప్‌తో పునశ్చరణ నోట్సు తయారు చేయించుకోవడం మొదటి నెల నుంచీ ఉన్న అలవాటు. పన్నెండు పేజీల అధ్యాయం రెండు పేజీలకు కుదురుతుంది. ఎంత సమయం మిగిలిందో అనుకునేవాణ్ని. ఇప్పటికీ ఆ నోట్సు వాడుతున్నాను. కాకపోతే పుస్తకంతో సరిచూడకుండా ఒక్క వాక్యం కూడా కంఠస్థం చేయను. ఆ నియమం ఎందుకు పెట్టుకున్నానో చెప్పాలి.

మొదటి ఏడాది అత్యవసర పరిస్థితుల అధ్యాయం నోట్సు మూడు వారాల పాటు రోజూ చదివాను. ఒక సాయంత్రం గదిలో ఉండే తమ్ముడు పుస్తకం చేతిలో పట్టుకుని నన్ను ప్రశ్నలడుగుతున్నాడు. జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటనను పార్లమెంటు ఎంత కాలంలో ఆమోదించాలి అంటే, తడుముకోకుండా రెండు నెలలు అన్నాను.

"అన్నా, పుస్తకంలో నెల అని ఉంది" అన్నాడు.

గుండెలో రాయి పడింది. నోట్సు తీసి చూస్తే రెండు నెలలనే ఉంది. ఆర్టికల్ 352 కింద వచ్చే ప్రకటనకు మొదట్లో ఉన్న గడువు నిజంగానే రెండు నెలలు. 1978 నాటి 44వ సవరణ దాన్ని నెలకు తగ్గించింది. రాష్ట్రపతి పాలనకూ ఆర్థిక అత్యవసర పరిస్థితికీ మాత్రం నేటికీ రెండు నెలలే. అంటే నోట్సులోని అంకె గాలిలోంచి పుట్టలేదు, పాత కాలం నుంచో పక్క ఆర్టికల్ నుంచో వచ్చి కూర్చుంది. అందుకే కంటికి ఆనలేదు. పూర్తిగా వింతైన తప్పయితే ఎవరైనా పట్టుకుంటారు. నిజానికి పక్కింట్లో ఉండే తప్పును పట్టుకోవడమే కష్టం. దాన్ని మనసులోంచి తుడిచివేయడం ఇంకా కష్టం. ఆ తర్వాత రాసిన రెండు నమూనా పరీక్షల్లోనూ నా చేయి రెండు నెలల వైపే వెళ్లింది.

ఆ రాత్రే ఆ రెండు పేజీల నోట్సును పుస్తకం పక్కన పెట్టుకుని వాక్యం వాక్యం చూశాను. ఇంకో మూడు తప్పులు బయటపడ్డాయి. మూడూ మూడు రకాలు.

మొదటిది, ప్రధానమంత్రి లిఖితపూర్వక సలహాపై రాష్ట్రపతి అత్యవసర పరిస్థితిని ప్రకటిస్తారని రాసి ఉంది. పుస్తకంలో ఉన్నది కేంద్ర మంత్రివర్గ నిర్ణయం, అదీ లిఖితపూర్వకంగా. 1975 అనుభవం తర్వాత 44వ సవరణ ఆ మాటను చేర్చిందే ప్రధాని ఒక్కరి సలహా సరిపోకూడదని. ఒక్క పదం మారేసరికి సవరణ ఉద్దేశమే తలకిందులైంది.

రెండోది, జాతీయ అత్యవసర పరిస్థితిలో ఆర్టికల్ 19 హక్కులు వాటంతటవే నిలిచిపోతాయన్న వాక్యం. ఇందులో తప్పు మాట ఏదీ లేదు, ఉండాల్సిన మాట లేదు. యుద్ధం లేదా విదేశీ దురాక్రమణ కారణంగా ప్రకటించినప్పుడే అలా జరుగుతుంది. సాయుధ తిరుగుబాటు కారణమైతే జరగదు. నోట్సును కుదించేటప్పుడు ముందుగా కత్తిరింపుకు గురయ్యేవి ఇలాంటి షరతులే. ప్రశ్నపత్రం తయారుచేసేవారు పట్టుకునేవీ అవే.

మూడోది చూసి చాలాసేపు కదలలేకపోయాను. రాష్ట్రపతి పాలనను ఏడాదికి మించి పొడిగించాలంటే జాతీయ అత్యవసర పరిస్థితి అమల్లో ఉండాలి, 'లేదా' ఎన్నికలు జరపడం కష్టమని ఎన్నికల సంఘం ధ్రువీకరించాలి అని నోట్సులో ఉంది. నిజానికి రెండూ ఉండాలి. పుస్తకంలో రెండు షరతులు వేరువేరు వాక్యాల్లో ఉన్నాయి. వాటిని ఒకటిగా కలిపినప్పుడు ఆ 'లేదా' చొరబడింది.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. నోట్సును కాగితం మీద ప్రింటు తీయించుకుంటాను. ఫోను తెర మీద సరిచూస్తే కన్ను జారిపోతుంది. ముందు పుస్తకం తెరవకుండానే పెన్సిలుతో ప్రతి అంకెకూ సున్నా చుడతాను. తర్వాత 'మాత్రమే', 'తప్ప', 'లేదా', 'కూడా', 'అన్ని' వంటి మాటల కింద గీత గీస్తాను. అప్పుడు పుస్తకం తెరిచి, ఆ విషయం ఉన్న పేజీ సంఖ్యను వాక్యం పక్కన అంచులో రాస్తాను. తెలిసిన విషయమే అయినా కంటితో చూశాకే రాస్తాను. పేజీ సంఖ్య పడని వాక్యం కంఠస్థానికి పనికిరాదు. అలాంటివి ప్రతి అధ్యాయంలోనూ ఒకటో రెండో మిగులుతాయి. పుస్తకంలో ఎక్కడా లేకుండా యాప్ తనంతట తాను చేర్చినవి అవి. వాటిలో నిజాలూ ఉండవచ్చు. అయినా వేరే పుస్తకంలో దొరికేదాకా కొట్టివేసే ఉంచుతాను.

ఇంతటితో సగం పనే అయినట్టు. తర్వాత నోట్సు మూసి పుస్తకం వైపు నుంచి రావాలి. ప్రతి పేరా చదివి, ఇందులోని ముఖ్యమైన మాట నోట్సులో ఉందా అని వెతకాలి. ఆర్టికల్ 19 షరతు లాంటివి ఇలాగే దొరుకుతాయి. నోట్సు వైపు నుంచి ఎన్నిసార్లు చదివినా లేని మాట కనబడదు. చాలామంది మిత్రులు ఈ రెండో విడత వదిలేసి, సరిచూశాం అనుకుంటున్నారు. దయచేసి వదలకండి.

పన్నెండు పేజీల అధ్యాయానికి నాకు సుమారు గంటన్నర పడుతుంది. సమయం కలిసి వస్తుందని మొదలుపెట్టిన పనికి అంత సమయమా అని అడుగుతారు. ఆ గంటన్నరలో అధ్యాయంలో సగం నోటికి వచ్చేస్తోందన్నది నా అనుభవం. పేజీ సంఖ్య వెతకడం కోసం చదివిన వాక్యం ఊరికే చదివిన దానికంటే గట్టిగా నిలుస్తోంది.

అన్ని అధ్యాయాలకూ ఈ నోట్సు ఒకేలా పనికిరాదు. భావనలు వివరించే చోట బాగుంది. పట్టికలున్న చోట గడులు తారుమారవుతాయి. 11వ షెడ్యూలులోని 29 అంశాలు, 12వ షెడ్యూలులోని 18 అంశాలు ఒకసారి అటువి ఇటు వచ్చాయి. తెలంగాణ ఉద్యమ చరిత్రకు నేను ఈ నోట్సు వాడటమే మానేశాను. 1969 అష్టసూత్ర పథకం, 1972 పంచసూత్ర పథకం, 1973 ఆరు సూత్రాల పథకం ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. ఆర్టికల్ 371డికి దారితీసిన ఆరు సూత్రాల స్థానంలో పంచసూత్రాలు కనబడ్డ రోజే ఆ నిర్ణయం తీసుకున్నాను.

పుస్తకమే పాతదైతే ఈ పద్ధతి ఎదురు తిరుగుతుందన్నది మరో మాట. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత ముద్రణలో తెలంగాణ శాసనసభ సభ్యుల సంఖ్య ఒక ఆంగ్లో-ఇండియన్ నామినేటెడ్ సభ్యుడితో కలిపి 120 అని ఉంది. నోట్సులో 119. మొదట నోట్సునే తప్పుగా గుర్తించాను. తర్వాత సవరణల జాబితా చూస్తే, 104వ సవరణతో 2020 జనవరి నుంచి ఆ నామినేషన్ ఆగిపోయింది. అంకె తేడా వచ్చినప్పుడు వెంటనే నోట్సును దిద్దకుండా, పుస్తకం ఏ సంవత్సరపు ముద్రణో ముందు చూస్తున్నాను. ఆ పేజీ అంచులో ఇప్పుడు రెండు అంకెలూ ఉన్నాయి. 120 మీద అడ్డగీత, పక్కన సవరణ సంఖ్య.